ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉద్యోగం పోయిందని చెప్పాల్సి వస్తే

ప్రశ్న: రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో టీమ్ మేనేజర్‌ని. నా టీమ్‌లో నలుగురిని తీసేస్తున్నారు. గురువారం ఒక్కొక్కరినీ పిలిచి నేనే చెప్పాలట. హెచ్ఆర్ వాళ్లు ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసి పంపారు. ఇద్దరు నాకన్నా వయసులో పెద్దవాళ్లు. ఏం మాట్లాడాలి, ఏం అనకూడదు, వాళ్లు ఏం అడుగుతారు? రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

విశాఖలోనే మధురవాడ వైపు, దువ్వాడ వైపు కంపెనీల్లో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. మొదట మేనేజర్‌గా, తర్వాత హెచ్ఆర్‌లో. మీరు గురువారం కూర్చోబోయే కుర్చీలో చాలాసార్లు కూర్చున్నాను. మొదటిసారి చాలా తప్పుగా చెప్పాను. ముందు అదే చెబుతాను, ఎందుకంటే మీ దగ్గరున్న ఆ ఇంగ్లిష్ పేజీలో కూడా అదే తప్పు ఉండి ఉంటుంది.

ఆ రోజు గదిలోకి వచ్చినాయన టెస్టింగ్‌లో సీనియర్. నాకన్నా పదేళ్లు పెద్ద. నేను "రండి సార్, టిఫిన్ అయిందా, పాప ఇంటర్ ఎలా చదువుతోంది" అని మొదలుపెట్టాను. ఆయన నవ్వుతూ జవాబిచ్చారు. తర్వాత మార్కెట్ పరిస్థితి, క్లయింట్ బడ్జెట్ అంటూ నాలుగైదు నిమిషాలు మాట్లాడి, చివరికి "అందుకని ఈ నెలాఖరుకు మిమ్మల్ని రిలీజ్ చేస్తున్నామండీ" అన్నాను. ఆయన తల ఊపి, పుస్తకం తెరిచి, పెన్ను తీసి అడిగారు: "అలాగే సార్. మరి ఏ ప్రాజెక్టులో వేస్తున్నారు?"

మన ఐటీ భాషలో రిలీజ్ అంటే ఒక ప్రాజెక్టు నుంచి తీసి, ఇంకో ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద పెట్టడం. ఆయనకు అలాగే అర్థమైంది, అందులో ఆయన తప్పేమీ లేదు. నేను రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఆయన పెన్ను పట్టుకుని, రాసుకోవడానికి సిద్ధంగా ఉండగా చెప్పాను. తర్వాత ఆయన నాతో అన్న మాట: "మీరు టిఫిన్ గురించి అడిగినప్పుడే మీకు తెలుసు కదా." ఆ మాట నేను మర్చిపోలేదు.

అందుకే నా సలహా అంతా ఒక విషయం చుట్టూనే తిరుగుతుంది. మెత్తగా చెప్పాలనే తాపత్రయంలో అర్థం కాకుండా చెప్పొద్దు. లేని ఆశ పుట్టేలా అసలే చెప్పొద్దు.

వార్త మొదటి నిమిషంలోనే చెప్పేయాలి. కూర్చున్నాక, పేరు పెట్టి పిలిచి, ఇలా అనండి: "మీకు ఒక బాధాకరమైన విషయం చెప్పాలండీ. మన ప్రాజెక్టులో కంపెనీ కొన్ని పోస్టులు రద్దు చేసింది. అందులో మీది ఉంది. ఈ నెల 30తో ఈ కంపెనీలో మీ ఉద్యోగం ముగుస్తుంది. ఇది ఖాయమైన నిర్ణయం." అంతే. ఐదు చిన్న వాక్యాలు. "పోస్టు రద్దయింది" అని ఆపేస్తే వేరే పోస్టు ఇస్తారేమో అనుకుంటారు. కాబట్టి "ఉద్యోగం ముగుస్తుంది" అనే మాట, తేదీ, రెండూ మీ నోటి నుంచి రావాలి. "ఖాయమైన" అన్నది కూడా వదలొద్దు. అది లేకపోతే మిగిలిన పదిహేను నిమిషాలూ ఆయన మీ మనసు మార్చడానికి ఖర్చు పెడతారు. మీరు మార్చలేని దాని కోసం ఆయన బతిమాలుకోవాల్సి రావడం కన్నా అవమానం ఉండదు.

తర్వాత మీరు మాట్లాడకండి. ఇది అన్నిటికన్నా కష్టం. ఇరవై సెకన్లు, ఒక్కోసారి నిమిషం. మన అలవాటు కొద్దీ ఆ మౌనాన్ని ఏదో ఒకటి చెప్పి నింపేయాలనిపిస్తుంది. అనకూడని మాటలన్నీ దొర్లేది సరిగ్గా అక్కడే. మంచినీళ్ల గ్లాసు ముందే పెట్టుకోండి, టిష్యూలు కూడా. ఏడిస్తే ఏడవనివ్వండి. "ఏడవకండి" అనొద్దు, "టైమ్ తీసుకోండి" అంటే చాలు.

భాష గురించి ఒక మాట. మీరు రోజూ వాళ్లతో తెలుగులోనే మాట్లాడుతుంటే ఆ రోజూ తెలుగులోనే చెప్పండి. రోజూ "ఏటండీ, బిల్డ్ అయిందా" అని పలకరించే మనిషి ఒక్కసారిగా కాగితం చూసి ఇంగ్లిష్ చదివితే, అవతలి వాళ్లకు కోర్టులో నిలబెట్టినట్టు ఉంటుంది. హెచ్ఆర్ పేజీలో అర్థం మార్చకూడని వాక్యాలేవో అడిగి తెలుసుకుని, వాటిని మీ మాటల్లో రాసుకుని, వాళ్లకు ఒకసారి చదివి వినిపించి సరే అనిపించుకోండి. పెద్దవాళ్లను ఎప్పుడూ ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. రోజూ "అన్నా" అనే వాళ్లను ఆ రోజు "మిస్టర్" అనడం, ఎప్పుడూ "గారు" అనే వాళ్ల భుజం మీద చెయ్యి వేసి "బ్రదర్" అనడం, రెండూ గుచ్చుకుంటాయి.

ఇక అనకూడని మాటలు. నేను అన్నవి, పక్కన కూర్చుని విన్నవి చెబుతాను.

మొదటిది "చూద్దాం". మన నోట ఇది "లేదు" అనడానికి మర్యాదైన మాట. కానీ ఉద్యోగం పోయినవాళ్ల చెవిలో అది మాట ఇచ్చినట్టే. ఒకమ్మాయి "హైదరాబాద్ ఆఫీసులో ఏమైనా ఉంటుందా సార్" అని అడిగితే, లేదని తెలిసి కూడా మా మేనేజర్ "చూద్దాంలే అమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి మూడు వారాలు వేరే ఇంటర్వ్యూలకు వెళ్లలేదు. నోటీసు గడువులో సగానికి పైగా అలా పోయింది. ఖాళీ లేకపోతే "లేదండీ, ముందే వెతికాం, ఖాళీ లేదు" అనండి. నిజంగా ఉంటే ఎవరిని అడుగుతారో, ఏ రోజుకు జవాబు చెబుతారో చెప్పండి.

రెండోది "నాకు కూడా చాలా కష్టంగా ఉంది, రెండు రోజులుగా నిద్ర లేదు." మీ విషయంలో అది నిజమే. కానీ ఆ గదిలో ఆ మాట అంటే, ఉద్యోగం పోయిన మనిషి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. మన వాళ్లు ఓదారుస్తారు కూడా: "పర్లేదు సార్, మీరేం చేస్తారు" అంటారు. బయటకు వెళ్లాక అదే తలుచుకుని మండిపోతారు.

మూడోది "నా చేతుల్లో ఏమీ లేదు, పైవాళ్లు చేశారు." పేర్ల జాబితాలో మీ అభిప్రాయం అడిగి ఉంటే అది అబద్ధం, వారంలో బయటపడుతుంది. అడగకపోయినా, పైవాళ్ల మీదకు నెట్టేస్తే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన మనిషి గదిలో లేడన్నట్టు అవుతుంది. "ఇది కంపెనీ నిర్ణయం, మీకు చెప్పే బాధ్యత నాది" అంటే సరిపోతుంది.

"అంతా మన మంచికే", "మీ టాలెంట్‌కి ఇంకా మంచిది వస్తుంది", "మీకేం సార్, మీ ఆవిడ గవర్నమెంట్ టీచర్ కదా" లాంటివి కూడా వద్దు. చివరిది నేను స్వయంగా విన్నాను. ఇంటి లెక్కలు మనకు తెలియవు. ఆ జీతంతో ఎవరి డయాలసిస్ నడుస్తోందో, ఏ అప్పు తీరుతోందో మనకేం తెలుసు?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది "మీరే రిజైన్ పెట్టేయండి, రికార్డు క్లీన్‌గా ఉంటుంది." ఇది సాయంలా వినిపిస్తుంది. కానీ రాజీనామా ఇచ్చినవాళ్లకు ఉద్యోగం తీసేసినందుకు చట్టప్రకారం వచ్చే పరిహారం రాదు. హెచ్ఆర్ మీ చేత ఆ మాట అనిపించాలని చూస్తే, అది మీకు మెయిల్‌లో రాసివ్వమని అడగండి. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడే ఒక మాట. మనం అందరం వాడే లేఆఫ్ అనే పదానికి మన చట్టంలో అర్థం వేరు. పని ఇవ్వలేక తాత్కాలికంగా ఆపడాన్ని లేఆఫ్ అంటారు. శాశ్వతంగా తీసేయడం రిట్రెంచ్‌మెంట్. వాళ్లకు ఇచ్చే లేఖలో ఏ పదం ఉందో మీరు ముందే చదివి ఉండాలి. మీ నోటి మాట, లేఖలో కారణం ఒకటే కావాలి. లేఖలో పోస్టు రద్దు అని ఉంటే, మీరు "ఈమధ్య పర్ఫార్మెన్స్ కూడా కొంచెం తగ్గింది కదా" అనకూడదు. అది మనిషిని అదనంగా కించపరచడమే. పైగా రేపు లేబర్ ఆఫీసుకు వెళ్తే, చెప్పిన కారణం ఒకటి, రాసిన కారణం ఒకటి అని తేలుతుంది.

వాళ్లు అడిగేవాటిలో మొదటిది దాదాపు ఎప్పుడూ ఒకటే: "నేనే ఎందుకు?" దీనికి ఒక్క వాక్యంలో నిజమైన జవాబు మీ దగ్గర లేకపోతే గురువారం లోపు హెచ్ఆర్‌ను పట్టుకుని తెచ్చుకోండి. ఆ మాడ్యూల్ పని మొత్తం ఆగిపోయిందా, ఆ స్కిల్ ఇక అవసరం లేదా? చట్టంలో వర్కర్ నిర్వచనం కిందకు వచ్చే వాళ్ల విషయంలో, అదే కేటగిరీలో చివర చేరినవాళ్లను ముందు తీయడం మామూలు పద్ధతి. అలా కాకుండా చేస్తే కారణం రాసి పెట్టాలి. టీమ్‌లో నిరుడు చేరిన కుర్రాడు ఉండగా ఎనిమిదేళ్ల సర్వీసున్న మనిషిని తీస్తుంటే, ఆ ప్రశ్న రావడం ఖాయం. "వాడిని ఉంచి నన్నెందుకు?" అంటే ఇంకొకరి గురించి చర్చకు దిగకండి. "మిగతావాళ్ల గురించి మాట్లాడలేనండీ, మీ పోస్టు విషయంలో కారణం ఇది" అని చెప్పి ఆగండి.

రెండోది డబ్బు. ఇక్కడ ఒక కేసు అంకెలతో చెబుతాను. 2023లో ఒకావిడకు ఈ వార్త చెప్పేటప్పుడు నేను హెచ్ఆర్ తరఫున పక్కన కూర్చున్నాను. నెలకు 48,000, అందులో బేసిక్ 24,000, సర్వీసు ఆరేళ్ల ఎనిమిది నెలలు. వార్త విన్నాక ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చున్నారు. మేము చెప్పే మాటలేవీ ఆవిడకు చేరడం లేదని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆమె ముందు ఒక కాగితం పెట్టాను. దాని మీద నాలుగే వరసలు. నోటీసుకు బదులు రెండు నెలల జీతం, 96,000. ఏడాదికి పదిహేను రోజుల లెక్కన పరిహారం, ఆరు నెలలు దాటిన భాగం పూర్తి ఏడాది కాబట్టి ఏడేళ్లకు 1,68,000. గ్రాట్యుటీ, బేసిక్‌ను 15తో హెచ్చించి 26తో భాగించి ఏడేళ్లకు 96,923. వాడని సెలవులు 18 రోజులు, 14,400. మొత్తం 3,75,323, పన్ను కోతకు ముందు. ప్రతి వరస పక్కన డబ్బు ఏ తేదీకి పడుతుందో రాశాను.

ఆవిడ ఆ కాగితాన్ని వేలుతో ఒక్కో వరసా చదివారు. చివర ఖాళీలో పెన్నుతో 17,500 అని రాసుకున్నారు. అది ఇంటి లోన్ ఈఎంఐ అని తర్వాత చెప్పారు. మొత్తాన్ని దాంతో భాగించి చూసుకుని మొదటిసారి మా వైపు తల ఎత్తారు. అసలు మాట్లాడటం అక్కడ మొదలైంది. అందుకే చెబుతున్నాను, ప్యాకేజీ వివరాలు నోటితో చదివి వినిపించకండి. షాక్‌లో ఉన్నవాళ్లకు అంకెలు గుర్తుండవు. నలుగురికీ నాలుగు కాగితాలు, పెద్ద అక్షరాల్లో, ఎవరిది వాళ్లకు.

ఆ లెక్క అప్పటిది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, జీతం అనే మాటకు నిర్వచనమే మారింది కాబట్టి మీ వాళ్ల అంకెలు హెచ్ఆర్ కొత్తగా కట్టాలి. రెండు సంగతులు మాత్రం మీరు అడిగి తెలుసుకోండి. ఉద్యోగం తీసేసినవారికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులకు వస్తుంది" అనే పాత మాట అలవాటుగా అనేయకండి. రెండోది, వర్కర్ కిందకు వచ్చేవాళ్లకు పరిహారం కాక మరో పదిహేను రోజుల జీతంతో సమానమైన, కొత్త పని నేర్చుకోవడానికి ఇచ్చే రీస్కిల్లింగ్ నిధి ఉంది. అది వాళ్ల ఖాతాలో 45 రోజుల్లోపు పడాలి. ఎవరు వర్కర్ కిందకు వస్తారు, ఎవరు రారు అన్న తీర్పు మాత్రం గదిలో మీరు చెప్పొద్దు. అది పని స్వభావాన్ని బట్టి ఉంటుంది, హోదా పేరును బట్టి కాదు. "ఇది హెచ్ఆర్ రేపటికి రాతపూర్వకంగా చెబుతారు" అనండి, చెప్పేలా చూడండి.

మూడోది చాలామంది మేనేజర్లు ఊహించనిది: "ఇన్సూరెన్స్ ఎప్పటి దాకా ఉంటుంది?" కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా ఆఖరి పనిరోజుతోనే ఆగిపోతుంది. అమ్మానాన్నలు అందులో ఉంటారు. ఎవరి భార్యకో ఎనిమిదో నెల ఉంటుంది. కేర్ ఆసుపత్రిలోనో, ఇంకెక్కడో నాన్నగారికి ఆపరేషన్ తేదీ ఇచ్చి ఉంటారు. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంటుంది, దానికి గడువు ఉంటుంది. ఆ గడువు తేదీ, ఫోన్ చేయాల్సిన ఏజెంటు నంబరు ఆ కాగితం వెనక రాసి ఇవ్వండి. పాలసీని మూడు నెలలు పొడిగించమని మీరు ముందే యాజమాన్యాన్ని అడిగితే, కంపెనీకి అది ప్యాకేజీ అంత ఖర్చు కాదు. ఇది అడగడానికి మీకు ఇంకా టైమ్ ఉంది, ఈరోజే అడగండి.

మిగతావి చిన్నవి కానీ గుచ్చుకునేవి. "ఇప్పుడే లాప్‌టాప్ ఇచ్చేయాలా?" "రిలీవింగ్ లెటర్‌లో ఏం రాస్తారు?" "పేస్లిప్‌లు, ఫారం 16 ఎలా తీసుకోవాలి?" పోర్టల్ లాగిన్ ఆ సాయంత్రమే ఆపేస్తే వచ్చే ఇంటర్వ్యూకు చూపించడానికి మూడు నెలల పేస్లిప్‌లు ఉండవు. మీ నలుగురివీ ముందే వాళ్ల సొంత మెయిల్‌కు పంపేలా హెచ్ఆర్‌తో మాట్లాడండి. పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం వదిలిన తేదీ సరిగ్గా నమోదు చేయమని కూడా చెప్పండి. అది ఆలస్యమైతే కొత్త కంపెనీలో ఇబ్బంది పడేది వాళ్లే.

"టీమ్‌లో ఇంకెవరెవరు?" అనీ అడుగుతారు. పేర్లు చెప్పకండి. అందరికీ ఈరోజే చెబుతున్నామని, మధ్యాహ్నం మూడుకల్లా అయిపోతుందని చెప్పండి. విశాఖ ఐటీ చిన్న ఊరు లాంటిది. మొదటి మనిషి గది నుంచి బయటకు వచ్చిన పది నిమిషాలకు కొండ మీద పక్క బిల్డింగ్‌లో తెలుస్తుంది, గంటకు గాజువాకలో ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. అందుకే నలుగురినీ ఒకే పూట, వరసగా, మధ్యలో ఇరవై నిమిషాల విరామంతో పిలవండి. ఒకరిని సోమవారానికి వాయిదా వేయొద్దు. టీమ్‌లో మిగిలినవాళ్లకూ అదే సాయంత్రం చెప్పేయండి.

టైమ్ విషయంలో ఇంకొకటి. సాయంత్రం ఆరుకు, షిఫ్ట్ అయిపోయే ముందు చెబితే ఏం జరుగుతుందో చూశాను. వార్త విన్న అబ్బాయి నేరుగా కంపెనీ క్యాబ్ ఎక్కాడు. రుషికొండ నుంచి కూర్మన్నపాలెం దాకా గంటకు పైగా, పక్కన ముగ్గురు సహోద్యోగులు, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియదు. దారి మధ్యలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గరే దిగిపోయాడట. మీరు పదకొండుకు మొదలుపెట్టండి. ఎవరికి కావాలంటే వాళ్లకు విడిగా కారు పంపడానికి అడ్మిన్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. "ఇంటికి ఎవరైనా తోడు రావాలా, ఎవరికైనా ఫోన్ చేయాలా" అని అడగండి. ఎవరైనా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంటి నుంచి పనిచేస్తుంటే వీడియో కాల్ చేయండి. మామూలు ఫోన్ కాల్, మెసేజ్ వద్దు. ముందుగా "పక్కన ఎవరైనా ఉన్నారా, తలుపు వేసుకుంటారా" అని అడిగి, అప్పుడు చెప్పండి.

కోపం వస్తే, గొంతు పెరిగితే, తిట్టినా సరే, తిరిగి వాదించకండి. "మీ కోపం నాకు అర్థమవుతోంది" అని వెంటనే అనేయకండి, అది రెచ్చగొడుతుంది. విని, వాళ్లు ఆగాక, తేదీ, కాగితం, తర్వాత ఏం జరుగుతుందో చెప్పండి. ఎవరైనా "ఇంక బతికి ఏం లాభం" లాంటి మాట అంటే అది ఊరికే అన్నదని కొట్టిపారేయొద్దు. ఒంటరిగా పంపకండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి అప్పగించండి. ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు నలుగురి కాగితాల మీదా ఉండనివ్వండి, అప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు.

ఆ రోజే ఏ కాగితం మీదా సంతకం అడగకండి. అందినట్టు సంతకం వేరు, ఒప్పుకున్నట్టు సంతకం వేరు. హెచ్ఆర్ రెండోది కోరుతుంటే కనీసం నాలుగైదు రోజులు ఇంటికి తీసుకెళ్లి, ఎవరికైనా చూపించుకునే వ్యవధి ఇప్పించండి.

రేపు రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఐదు వాక్యాలను మీ ఇంట్లో ఎవరి ముందైనా పైకి అనండి. చదవకండి, అనండి. పైకి అన్నప్పుడే తెలుస్తుంది మీ నాలుక ఎక్కడ "రిలీజ్" వైపు జారుతుందో, ఎక్కడ "చూద్దాం" అని మొదలుపెడుతుందో. నేను ఇప్పటికీ మా ఆవిడ ముందు అంటాను. ఆవిడ విని, "ఇంతకీ ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగితే ఆ వాక్యం మళ్లీ రాస్తాను.

శుక్రవారం ఉదయం నలుగురికీ ఫోన్ చేయండి. మొదటి రోజు అడగలేకపోయిన ప్రశ్నలు ఆ రాత్రి వస్తాయి. ఆ కాల్ చేస్తానని గురువారమే, టైమ్‌తో సహా, గదిలో చెప్పి ఉంచండి. చెప్పిన టైమ్‌కే చేయండి.